తులాల్లో కొనాలా, గ్రాముల్లోనా? మా అమ్మమ్మ గొలుసు తేల్చిన లెక్క

పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు "తులమంటే పది గ్రాములా, పదకొండున్నరా?" అని అడుగుతూనే ఉంటారు. రెండూ నిజమే. అందుకే గొడవ. పోయిన నెల మా ఇంట్లోనే ఆ గొడవ వచ్చింది కాబట్టి ఈసారి లెక్క మొత్తం రాస్తున్నాను.

అమ్మమ్మ పోయాక ఆమె రెండు పేటల గొలుసు మా అమ్మకు వచ్చింది. "మూడు తులాలది" అని ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నమ్మకూ సమానంగా ఉండాలని ముందే అనుకున్నారు కనుక, మామయ్య షాపుకు పోయి మూడు తులాల గొలుసు కొన్నాడు. బిల్లు మీద 30.000 గ్రాములు. తర్వాత పాతదాన్ని మెరుగు పెట్టించడానికి ఇస్తే కాటా మీద 34.610 వచ్చింది. చిన్నమ్మ పక్కనే ఉంది. "మూడు తులాలు అక్కకు, మూడు తులాలు నాకు అన్నరు గద, మరి ఇదేంది?" అంది. ఆమె తప్పేం లేదు.

పాత తులం 180 గ్రెయిన్లు, అంటే 11.664 గ్రాములు. 1833లో కంపెనీవాళ్లు వెండి రూపాయి బరువును దీనికే ముడిపెట్టారు. అందుకే మన పెద్దవాళ్లు "రూపాయి ఎత్తు" అనేవారు. (మీ ఇంట్లో నిజాం హాలీ సిక్కా ఉంటే దాంతో మాత్రం తూచకండి, అది ఇంకొంచెం తేలిక.) 1956లో మెట్రిక్ తూకాల చట్టం వచ్చాక బంగారం ధరను పది గ్రాములకు చెప్పడం అలవాటైంది. బజారు ఆ పది గ్రాములకే తులమని పేరు పెట్టుకుంది. పేరు మారలేదు, సరుకు మాత్రం దాదాపు ఏడో వంతు తగ్గింది.

ఇప్పుడు షాపులో మీరు "మూడు తులాలు" అంటే సేల్స్‌మన్‌కు వినపడేది 30 గ్రాములే. దాంట్లో మోసం లేదు, బోర్డు మీద ధర కూడా పది గ్రాములకే ఉంటుంది. మోసం కాని చోట కూడా నష్టం వచ్చేది పాత తులం, కొత్త తులం ఒకే మాటలో కలిసినప్పుడే. పంపకాలు, పాత నగ మార్పిడి, "అప్పట్లో ఇన్ని తులాలు పెట్టాం" అనే మాట, ఈ మూడు చోట్లా జాగ్రత్త పడాలి.

పాత తులాన్ని గ్రాముల్లోకి మార్చడానికి ఫోన్ కూడా అక్కర్లేదు. మూడు పాత తులాలు 35 గ్రాములు. కచ్చితంగా 34.99, ఆ తేడాను వదిలేయొచ్చు. ఆరైతే 70, పన్నెండైతే 140. ఇంట్లో ఉన్నది ఏ తులంలో చేయించారో తెలియకపోతే తూచి చూడండి. మా గొలుసు 34.610ని 11.664తో భాగిస్తే 2.97 వస్తుంది, పదితో భాగిస్తే 3.46. ఇంట్లో చెప్పుకునేది "మూడు" కనుక మొదటిదే సరైనది. మూడుకు కాస్త తక్కువ రావడం కూడా సహజమే, ఏళ్ల తరబడి మెడలో ఉన్న గొలుసు కొక్కేల దగ్గర అరుగుతుంది.

ఇక్కడ ఆగితే చిన్నమ్మకు నాలుగున్నర గ్రాములు బాకీ అని తేలుతుంది. మామయ్య దాదాపు ఒప్పేసుకున్నాడు కూడా. నేనే ఆపాను, ఎందుకంటే నా దృష్టిలో తూకం సగం లెక్కే. మిగతా సగం శుద్ధత. మామయ్య కొన్నది హాల్‌మార్క్ ఉన్న 22 క్యారెట్లు, అంటే 91.6 శాతం. దాని మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ ఉంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూశాం. అమ్మమ్మ గొలుసుకు ముద్రే లేదు. క్యారెట్ మీటర్ మీద మూడు చోట్ల పెట్టించాం, అతుకుల దగ్గర తక్కువగా చూపింది, మొత్తం మీద 85 శాతం అని తేలింది. ఆ మిషన్ చూసేది పైపొరనే. కరిగిస్తే తప్ప ఇంతకన్నా కచ్చితంగా తెలియదు, దానికి అమ్మ ఒప్పుకోదు.

ఇక గుణించడమే. పాతది 34.61 గ్రాముల్లో 85 శాతం, అంటే మేలిమి 29.4 గ్రాములు. కొత్తది 30లో 91.6 శాతం, అంటే 27.5. తేడా నాలుగున్నర కాదు, రెండు గ్రాముల లోపే. తులాల్లో చూస్తే సమానం, తూకంలో చూస్తే పెద్ద తేడా, మేలిమిలో చూస్తే చిన్న తేడా. రాళ్లూ పూసలూ ఉన్న నగ అయితే ముందు వాటి బరువు తీసేసి నెట్ వెయిట్ మీదే ఈ లెక్క వేయాలి. గుండ్లలో లక్క ఉంటే ఇంకా జాగ్రత్త.

తరుగు కూడా చాలామంది తులాల్లోనే మాట్లాడతారు. "తులానికి గ్రామున్నర" అంటే పది గ్రాముల మీద 15 శాతం, మూడు తులాలకు నాలుగున్నర గ్రాముల డబ్బు. మీ మనసులో పాత తులం ఉంటే అదే మాట 13 శాతంలా వినపడుతుంది. అందుకే నేను శాతంలోనే అడుగుతాను, బిల్లు మీద అలాగే రాయించుకుంటాను.

కాసుల గురించి కూడా అడుగుతారు. మా అత్తగారిది గోదావరి వైపు, వాళ్లకు తులం కన్నా కాసే నోటికి వస్తుంది. కాసంటే ఎనిమిది గ్రాములు. అసలు సవరిన్ 7.988 అయినా ఎనిమిదనుకుంటే పోయేదేం లేదు. ఐదు కాసులు నాలుగు కొత్త తులాలు, అంతే.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు చెప్పే "పది తులాల బిస్కెట్" మాత్రం పాత తులమే, 116.64 గ్రాములు. దాన్ని వంద గ్రాముల లెక్కన ఎవరికీ ఇచ్చేయకండి.

నా ఓటు ఎటో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇంట్లో మాటకు తులం బాగానే ఉంటుంది, ఆ మాటలోని బరువు గ్రాముకు రాదు. కాగితం మీద మాత్రం గ్రాములు, పక్కనే శాతం.

మామయ్య రెండు గ్రాముల 24 క్యారెట్ల నాణెం కొని చిన్నమ్మ చేతిలో పెట్టాడు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది తులంలో ఎంతొస్తది?" అని నన్నడిగింది. ఏ తులమని నేను అడగలేదు.