1045 రెక్కతో 1000 కేవీనా, 8045 రెక్కతో 1400 కేవీనా: 450 ఫ్రేమ్‌కు ఏది మేలు?

రాయగడ, గుణుపూర్ వైపు పత్తి చేలను పైనుంచి ఫోటోలు తీయడానికి 450 ఫ్రేమ్‌తో ఒక క్వాడ్, అంటే నాలుగు ప్రొపెల్లర్ రెక్కల డ్రోన్, కడుతున్నామనుకోండి. ఫ్రేమ్, కాళ్ళు, నాలుగు మోటార్లు, ఈఎస్సీలు, జీపీఎస్, చిన్న కెమెరా, మూడు సెల్స్ ఉన్న 3ఎస్ 5200 ఎంఏహెచ్ బ్యాటరీ అన్నీ కలిపితే 1400 గ్రాముల దగ్గర తేలుతుంది. అంటే గాలిలో ఊరికే నిలబడటానికే ఒక్కో మోటార్ 350 గ్రాములు ఎత్తాలి. మోటార్ కొనేటప్పుడు ఎదురయ్యేవి ముఖ్యంగా రెండు జోడీలు: ఏ2212 1000 కేవీకి 10 అంగుళాల 1045 రెక్క, అదే ఏ2212లో 1400 కేవీకి 8 అంగుళాల 8045 రెక్క. కేవీ అంకె పెద్దది కాబట్టి 1400దే బలమైన మోటార్ అని చాలామంది అటే మొగ్గుతారు. ఈ పనికి అది తప్పు ఎంపిక.

కేవీ బలాన్ని చెప్పే అంకె కాదు. రెక్క బిగించకుండా ఒక్కో వోల్టుకు మోటార్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో మాత్రమే అది చెబుతుంది. 11.1 వోల్టుల 3ఎస్ మీద 1000 కేవీ ఖాళీగా 11,100 చుట్లు తిరుగుతుంది. రెక్క పెట్టాక ఫుల్ థ్రాటిల్‌లో 7 వేల దరిదాపులకు దిగుతుంది. 1400 కేవీ చిన్న రెక్కతో 11 వేల వరకు పోతుంది. ఇంత తేడా ఉన్నా ఫుల్ థ్రాటిల్‌లో రెండూ ఎత్తేది ఒక్కో మోటార్‌కు సుమారు 800 గ్రాములే. నాలుగూ కలిపి 3200 గ్రాములు, అంటే మన బరువుకు రెండింతల పైమాట. థ్రస్ట్ వరకు చూస్తే పోటీ సమానం.

తేడా వచ్చేది హోవర్‌లో, అంటే గాలిలో ఒకేచోట నిలబడినప్పుడు. 350 గ్రాములు ఎత్తడానికి 10 అంగుళాల రెక్క ఎక్కువ గాలిని పట్టుకుని దాన్ని మెల్లగా కిందికి తోస్తుంది. 8 అంగుళాల రెక్క తక్కువ గాలిని పట్టుకుంటుంది కాబట్టి దాన్ని వేగంగా తోయాలి, ఆ వేగానికే పవర్ ఖర్చయిపోతుంది. ఎత్తే బరువు అదే అయినప్పుడు హోవర్ పవర్ రెక్క వ్యాసానికి విలోమంగా మారుతుంది: 10కి 8 పెడితే నాలుగో వంతు అదనం. మన క్వాడ్‌లో 1045 జోడీ మొత్తం 16 ఆంపియర్లు తీస్తే 8045 జోడీ 20 తీస్తుంది. బ్యాటరీలో 80 శాతమే వాడతాం కాబట్టి చేతిలో ఉండేది 4160 ఎంఏహెచ్. మొదటి జోడీకి 15 నిమిషాలు, రెండో జోడీకి 12. గాలి లేని పూట, ఒకేచోట నిలబెడితే వచ్చే లెక్క ఇది.

మరి 12 అంగుళాలు పెట్టేస్తే? 450 ఫ్రేమ్‌లో పక్కపక్క మోటార్ల మధ్య దూరం 318 మిల్లీమీటర్లు. 12 అంగుళాల రెక్క 305 మిల్లీమీటర్లు, కాబట్టి మధ్యలో మిగిలేది వేలెడు సందు. చేతులు కాస్త వణికితే చివరలు తగులుకుంటాయి. 11 అంగుళాల వరకు పడుతుంది, కానీ దానికి 2212 మోటార్ చిన్నదైపోతుంది. 10 దగ్గర ఆగడమే నయం.

నిజంగా మోటార్లు మాడేది రెండు జోడీలను కలగాపులగం చేసినప్పుడు. 1400 కేవీ కొనేశాక, పెద్ద రెక్క మంచిదని విని దానికి 1045 బిగిస్తారు. హోవర్‌లో ఏమీ తెలియదు, బాగానే నిలబడుతుంది. తిప్పలు స్టిక్ పైకి తోసినప్పుడు. రెక్క లాగే పవర్ చుట్ల వేగానికి ఘనంగా పెరుగుతుంది: వేగం 1.3 రెట్లయితే పవర్ 2.2 రెట్లు. 12 ఆంపియర్ల దగ్గర ఉండాల్సిన కరెంట్ 25 దాటుతుంది, 2212 అంత ఓర్చుకోదు. 1000 కేవీ, 1045 జోడీకే నాలుగు సెల్స్‌తో వోల్టేజ్ ఎక్కువున్న 4ఎస్ బ్యాటరీ తగిలించినా ఇదే కథ. దిగాక మోటార్ బెల్ మీద వేలు ఆనించి చూడండి. మూడు నాలుగు సెకన్లు ఉంచలేకపోయినా, వార్నిష్ మాడిన వాసన వచ్చినా జోడీ కుదరలేదు. అలా వేడెక్కనిస్తూ పోతే అయస్కాంతాలు పట్టు కోల్పోతాయి. ఆ తర్వాత మోటార్ తిరుగుతూనే ఉంటుంది, కానీ అదే బరువుకు ఎక్కువ కరెంట్ తాగుతుంది.

కరెంట్ సెన్సర్ లేకపోయినా కొలిచే దారి ఉంది. ఫుల్ చార్జ్ చేసిన బ్యాటరీతో సరిగ్గా 5 నిమిషాలు హోవర్‌లో ఉంచి దించండి. మళ్ళీ చార్జింగ్ పెట్టి, చార్జర్ ఎన్ని ఎంఏహెచ్ నింపిందో చూడండి. 1350 ఎక్కితే నిమిషానికి 270, అంటే 16 ఆంపియర్లు. 1700 ఎక్కితే 20. డ్రోన్‌ను నడిపే ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు దీనికి తోడు `MOT_THST_HOVER` విలువ చూడాలి. మొత్తం థ్రస్ట్‌లో హోవర్‌కే ఎంత వంతు పోతోందో అది చెబుతుంది. మన 1045 జోడీకి అది 0.44 దగ్గర ఉండాలి. 0.5 దాటిందంటే పైన మిగిలిన థ్రస్ట్ తగ్గిపోయిందని అర్థం.

అక్కడే రెండో బ్యాటరీ ఆశ గురించి చెప్పాలి. ఇంకో 5200 బ్యాటరీ, 380 గ్రాములది, సమాంతరంగా కడితే బరువు 1780కి చేరుతుంది, హోవర్ పవర్ 1.4 రెట్లు పైబడుతుంది. శక్తి రెండింతలు కాబట్టి సమయం మాత్రం 1.4 రెట్లు, అంటే 15 నిమిషాలు 21 అవుతాయి. వినడానికి బాగుంది, కానీ థ్రస్ట్ నిష్పత్తి 2.3 నుంచి 1.8కి పడిపోతుంది. బ్రహ్మపురంలో సముద్ర మట్టానికి దగ్గర్లో ఇది ఎలాగో సరిపోవచ్చు. అదే క్వాడ్‌ను 870 మీటర్ల ఎత్తున్న కొరాపుట్‌కు తీసుకెళ్తే గాలి సాంద్రత 8 శాతానికి పైగా తగ్గుతుంది. 3200 గ్రాములు కాస్తా 2950 అవుతాయి, నిష్పత్తి 1.65. ఇది బయటపడేది పైకి లేచేటప్పుడు కాదు, నిటారుగా వేగంగా దించేటప్పుడు. తన రెక్కలు తోసిన గాలిలోకే క్వాడ్ దిగుతూ ఊగుతుంది. నిలదొక్కుకోవడానికి ఒక మోటార్ ఇంకాస్త తిరగాలి, దాని దగ్గర ఇక ఏమీ ఉండదు. కొండ మీద పనికి ఒక్క బ్యాటరీతో ఎగరేసి, దించి, రెండోది మార్చుకోవడమే మంచిది.

8045, 1400 కేవీ నెగ్గే చోటు ఒకటుంది: ఈదురుగాలి. పిచ్, అంటే ఒక్క చుట్టుకు రెక్క లెక్కప్రకారం ముందుకు పోయే దూరం, రెండింటికీ 4.5 అంగుళాలే అయినా 8045 చాలా వేగంగా తిరుగుతుంది. పిచ్ లెక్కన వచ్చే వేగం ఫుల్ థ్రాటిల్‌లో దానికి సెకనుకు 21 మీటర్లు, 1045కు 13 మాత్రమే. చిన్న రెక్క బరువూ తక్కువ, అందుకే వేగం పెంచడం తగ్గించడం చటుక్కున జరుగుతాయి. వానాకాలంలో ఘాట్ అంచున గాలికి ఎదురెళ్ళాల్సిన పని ఉంటే ఆ మూడు నిమిషాలు వదులుకోవచ్చు. చేను మీద తెల్లారి ఫోటోలకు ఆ అవసరం రాదు. 4ఎస్ బ్యాటరీలు ముందే ఉన్నవాళ్ళు 1045 రెక్కనే ఉంచుకుని 750 కేవీ దగ్గరి మోటార్ వెతకాలి. అప్పుడు చుట్ల వేగం 3ఎస్ మీద 1000 కేవీ ఇచ్చినంతే ఉంటుంది, వైర్లలో కరెంట్ మాత్రం నాలుగో వంతు తగ్గుతుంది.