గిన్నెలు తోమే స్పాంజ్, గుడ్డ, బ్రష్షు: మూడేళ్లు వాడాక నేను తేల్చుకున్నది

శుభ్రంగా తోమి, కడిగి బోర్లించిన గాజు గ్లాసు. నీళ్లు పోసుకుని నోటి దగ్గర పెట్టుకోగానే ముక్కిపోయిన వాసన కొట్టింది. ఇంకో గ్లాసు తీశాను, అదీ అంతే. నీళ్లే బాగోలేవేమో అనుకున్నాను గానీ, సింకు మూలన ఉన్న స్పాంజ్‌ని తీసి పిండేసరికి సంగతి తెలిసిపోయింది. బూడిద రంగు నీళ్లు కారాయి, ఆ వాసనంతా అందులోదే. నన్ను నిజంగా కంగారు పెట్టింది ఏంటంటే, ఆ స్పాంజ్‌ని రెండు రోజుల ముందే మరిగే నీళ్లలో వేసి తీశాను, కొన్నది కూడా రెండు వారాల క్రితమే.

అప్పటి నుంచి ఈ మూడేళ్లలో గిన్నెలు తోమడానికి స్పాంజ్, నూలు గుడ్డ, పొడవు పిడి ఉన్న బ్రష్షు, మూడూ మార్చి మార్చి వాడాను. ఏది ఎంత మురికి వదిలిస్తుందో చెప్పడం తేలికే. నాకు కావలసింది అది కాదు, వీటిలో ఏది క్రిములకు ఇల్లు కాకుండా ఉంటుంది, ఉండాలంటే నేనేం చెయ్యాలి అన్నది.

ముందు వేడితో క్రిముల్ని చంపడం గురించి, ఎందుకంటే అందరం మొదట చేసేది అదే. 2007లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు క్రిములు బాగా పట్టించిన స్పాంజ్‌లని రకరకాలుగా శుభ్రం చేసి చూశారు. తడి స్పాంజ్‌ని మైక్రోవేవ్‌లో ఒక్క నిమిషం పెడితే 99.99999 శాతం బాక్టీరియా చచ్చిపోయింది. బ్లీచ్ నీళ్లలోనో నిమ్మరసంలోనో ఉత్త నీళ్లలోనో నానబెడితే మాత్రం చచ్చింది 37 నుంచి 87 శాతమే. ఇది చదివి నేను వారానికి రెండుసార్లు మైక్రోవేవ్ చెయ్యడం మొదలుపెట్టాను. చేసిన రోజు వాసన ఉండదు, మూడో రోజుకి మళ్లీ వచ్చేస్తుంది.

ఎందుకో అర్థమైంది 2017లో జర్మనీలోని ఫుర్ట్‌వాంగెన్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన గురించి తెలిశాక. వాళ్లు ఇళ్లలో వాడేసిన 14 స్పాంజ్‌లు తెచ్చి లోపల ఏముందో చూశారు. కొన్ని చోట్ల ఒక్క ఘన సెంటీమీటరులో 5,000 కోట్లకు పైగా బాక్టీరియా కణాలు కనిపించాయి. మేం తరచూ ఉడకబెడతాం, మైక్రోవేవ్ చేస్తాం అని చెప్పినవాళ్ల స్పాంజ్‌లలో కూడా బాక్టీరియా ఏమీ తక్కువ లేదు, పైగా ఒకటి రెండు జాతుల వాటా వాటిలోనే ఎక్కువగా ఉంది. వాటిలో ఒకటి మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్, ఆరని బట్టల నుంచి వచ్చే ముక్కిపోయిన వాసనకు కారణం ఇదే. నా గ్లాసులో వాసన గుర్తొచ్చింది.

ఈ రెండు పరిశోధనలూ ఒకదాన్నొకటి కొట్టుకోవడం లేదు. వేడి చంపడం నిజం, ఆ తర్వాత మళ్లీ పెరగడమూ నిజం. స్పాంజ్ లోపలి గదుల్లో ఓ 100 కణాలు మిగిలాయనుకోండి, గంటకోసారి రెట్టింపయినా పది గంటల్లో లక్ష దాటుతాయి, ఇంకో పది గంటలకు పది కోట్లు. వాటికి కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి: గది వేడి, గిన్నెల నుంచి వచ్చిన తిండి తునకలు, నీళ్లు. వేడిని మనం తీసెయ్యలేం, తునకలు ఎంత కడిగినా కొంత మిగులుతాయి. మన చేతిలో ఉన్నది నీళ్లొక్కటే.

అందుకని ఒక పని చేశాను. వంటింట్లో గ్రాముల్లో చూపించే చిన్న త్రాసు ఉంది. కొత్త పొడి స్పాంజ్ తూచాను, 9 గ్రాములు. రాత్రి గిన్నెలయ్యాక బలంగా పిండి తూస్తే 31. అంటే ఎంత పిండినా తన బరువుకి రెండింతలకు పైగా నీళ్లు లోపలే ఉన్నాయి. దాన్ని మామూలుగా పెట్టే ప్లాస్టిక్ గిన్నెలో పెట్టి పొద్దున్నే తూస్తే 27. రాత్రంతా పోయింది నాలుగు గ్రాములే! మర్నాడు అదే స్పాంజ్‌ని కిందా పైనా గాలి తగిలేలా తీగల స్టాండులో నిలువుగా పెట్టాను, పొద్దునకి 16. బాగా తేడా ఉంది, కానీ ఇంకా పొడి కాలేదు. ఆ తడి ఆరేలోపే మళ్లీ గిన్నెలు తోమే వేళ అవుతుంది, కాబట్టి రోజూ రెండు మూడు సార్లు వాడే స్పాంజ్ దాని జీవితంలో ఒక్కసారి కూడా పూర్తిగా ఆరదు. గుడ్డ సంగతి వేరు. పలచటి నూలు గుడ్డ పొడిగా 22 గ్రాములు, పిండాక 46. నాలుగు మడతలు వేసి కుళాయి మీద వేస్తే పొద్దున 35 ఉంది, మడత లోపలి భాగం చేతికి చల్లగా, కాస్త జారుడుగా తగిలింది. అదే గుడ్డని మడత లేకుండా క్లిప్పులు పెట్టి పరిచి ఆరేస్తే ఐదు గంటలకే 22కి వచ్చేసింది. బ్రష్షుని తూచాల్సిన పనే లేకపోయింది, విదిలించి తలకిందులుగా తగిలిస్తే రెండు గంటల్లో కుచ్చు పొడి. ఇవి మా వంటింటి లెక్కలు, గాలిలో తేమని బట్టి మీకు వేరుగా రావచ్చు, కానీ వరస మాత్రం మారదనుకుంటున్నాను.

తడి ఆరితే ఏమవుతుంది అన్నది నార్వేలోని నోఫిమా ఆహార పరిశోధన సంస్థ వాళ్లు 2022లో చూపించారు. జనం వాడిన బ్రష్షుల్లో బాక్టీరియా స్పాంజ్‌లలో కంటే తక్కువ ఉంది, అంతకంటే ముఖ్యంగా, రెండింటికీ సాల్మొనెల్లా పట్టించి వదిలేస్తే రాత్రంతా ఆరిన బ్రష్షులో అది బాగా తగ్గిపోయింది, స్పాంజ్‌లో తగ్గలేదు. సాల్మొనెల్లా అంటే పచ్చి మాంసం, గుడ్ల నుంచి వచ్చి వాంతులు విరేచనాలు తెచ్చే క్రిమి. స్పాంజ్‌లోని కోట్ల సంఖ్య కంటే నన్ను ఆలోచింపజేసింది ఇదే, ఎందుకంటే ఆ కోట్లలో చాలా భాగం ఆరోగ్యంగా ఉన్నవాళ్లని ఏమీ చెయ్యవు. సంఖ్య చూసి టెన్షన్ పడనక్కర్లేదు. ఇంట్లో పసిపిల్లలో, బాగా పెద్దవాళ్లో, జబ్బుతో నీరసించినవాళ్లో ఉంటే మాత్రం జాగ్రత్త పెంచండి. ఇంకో మాట, వాసన రావట్లేదు కదా అని నమ్మకండి. వాసన తెచ్చేవి వేరు, జబ్బు తెచ్చేవి వేరు, నిన్న మాంసం కోసిన బల్ల తుడిచిన స్పాంజ్‌కి ఏ వాసనా ఉండకపోవచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో ఎలా నడుస్తోందంటే, రోజువారీ తోమడమంతా బ్రష్షే. మొదటి వారం చిరాకేసింది, చేతికి గిన్నె స్పర్శ తెలియదు, మాడిన అడుగు దాంతో రాదు, చెంచాల మధ్య పని నెమ్మది. అందుకే స్పాంజ్‌ని పూర్తిగా మానలేదు, మాడిన గిన్నెలకు మాత్రం ఒకటి ఉంచాను, వాడాక ధారగా నీళ్లు పట్టి తునకలన్నీ పోయేదాకా పిండి స్టాండులో నిలబెడతాను, వారం కాగానే పారేస్తాను. ఫుర్ట్‌వాంగెన్ వాళ్లు చెప్పింది కూడా వారానికోసారి మార్చమనే. రోజూ వాడను కాబట్టి మధ్యలో అది నిజంగానే ఆరుతుంది. బ్రష్షు కుచ్చు పక్కలకు వాలిపోయినా, కుచ్చు మొదళ్లలో జిడ్డు గట్టిపడి గోటితో గీకినా రాకపోయినా దాన్నీ మార్చేస్తాను, నాకది మూడు నాలుగు నెలలు వస్తోంది.

గుడ్డలు ఏడు పెట్టుకున్నాను, రోజుకొకటి. దళసరి తువాలు రకం మొదట కొని పొరపాటు చేశాను, నీళ్లు బాగా పీలుస్తుంది గానీ రోజంతా ఆరదు. పలచగా, నేత కాస్త వదులుగా ఉన్న నూలు గుడ్డే మేలు. గిన్నెలు తుడిచేదానికీ గట్టు తుడిచేదానికీ అంచు రంగులు వేరు. మా అమ్మ వచ్చినప్పుడు గట్టు తుడిచిన గుడ్డతోనే పళ్లెం తుడవబోతే, "అమ్మా, అది ఎర్ర అంచుది, పళ్లేలకి నీలం అంచుది తీసుకో" అన్నాను. "రెండూ శుభ్రంగానే ఉన్నాయి కదరా" అంది. చూడ్డానికి శుభ్రంగానే ఉంటాయి, అదే ఇబ్బంది. వాడేసిన గుడ్డల్ని తడిగా బుట్టలో పడెయ్యను, ముందు ఆరేసి, పొడిగా పోగేసి, వారానికోసారి మిషన్‌లో 60 డిగ్రీల వేడి నీళ్లలో విడిగా ఉతుకుతాను. మిషన్ లేకపోతే సబ్బుతో జిడ్డు వదిలించి ఐదు నిమిషాలు మరిగిస్తే సరిపోతుంది. ముందు జిడ్డు వదిలించడం మాత్రం మానకండి, జిడ్డుతోనే మరిగిస్తే గుడ్డ ముద్దగా తయారై మరకలు స్థిరపడిపోతాయి. పచ్చి మాంసం రసం చిందితే గుడ్డా స్పాంజూ ముట్టుకోను, కాగితంతో తుడిచి చెత్తలో వేసి, ఆ తర్వాత సబ్బునీళ్లతో కడుగుతాను.

మైక్రోవేవ్ చెయ్యాలనుకునేవాళ్లకి ఒక మాట. ఒకసారి నేను స్పాంజ్‌ని గట్టిగా పిండేసి రెండు నిమిషాలు పెట్టాను. నిమిషంన్నరకి పొగ వచ్చింది, తలుపు తీస్తే ఒక మూల నల్లగా మాడి కరిగిపోయి ఉంది. పొడిదైతే అంటుకునేది. స్పాంజ్‌ని నీళ్లు కారేంత తడిపి, మైక్రోవేవ్‌కి పనికొచ్చే పళ్లెంలో పెట్టి, ఒక నిమిషమే, అదీ పక్కనే నిలబడి. తర్వాత పది నిమిషాలు ముట్టుకోకండి, లోపలి నీళ్లు మరిగి ఉంటాయి. లోహపు తీగ కలిసిన స్క్రబ్బర్ అసలు పెట్టకూడదు. బ్లీచ్ వాడేవాళ్లు అందులో వెనిగర్ గానీ నిమ్మరసం గానీ కలపకండి, విషవాయువు పుడుతుంది. బ్లీచ్‌ని నేను రెండు నెలలు వాడి మానేశాను, తిండి మురికి ఉంటే దాని బలమంతా ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది, గుడ్డలూ చివికిపోయాయి.

పాత స్పాంజ్‌ని పారెయ్యడానికి మనసొప్పక సింకు తోమడానికి ఉంచుకునేవాళ్లు దాని ఒక మూల కత్తిరించి పెట్టుకోండి, తడి చేతులతో హడావిడిలో ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. నాలుగు రోజులు ఊరెళ్తుంటే స్పాంజ్‌ని పారేసే వెళ్తాను, గుడ్డలన్నీ ఉతికి ఆరేసి, బ్రష్షు కొక్కేనికి తగిలించి. ఆ గాజు గ్లాసులు ఇప్పటికీ అవే, వాటి వాసన మళ్లీ వచ్చింది ఈ మూడేళ్లలో ఒక్కసారే, వానల్లో వరసగా ఐదు రోజులు గుడ్డలు ఆరనప్పుడు.