తువ్వాళ్లకూ వ్యాయామపు దుస్తులకూ సాఫ్ట్‌నర్ ఎందుకు మానేశాను: మూడేళ్ల వాడకం తర్వాత

మూడేళ్లుగా నేను ముందు తలుపున్న వాషింగ్ మెషీన్‌లో ఒకే ద్రవ డిటర్జెంటునూ, దానికి తోడుగా ఒక ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్‌నూ వాడుతున్నాను. మొదటి ఏడాదిన్నర, బట్ట ఏదని చూడకుండా ప్రతిసారీ సాఫ్ట్‌నర్ అరలో ఒక మూతెడు పోసేవాడిని. నూలు చొక్కాలకూ దుప్పట్లకూ దానివల్ల మేలే జరిగింది. ఇబ్బంది తువ్వాళ్ల దగ్గర బయటపడింది.

అవి చేతికి వెన్నలా తగిలేవి గాని, స్నానం చేశాక ఒంటి మీది నీటిని పీల్చుకోకుండా అటూ ఇటూ పులిమేవి. ఒకరోజు ఆరిన తువ్వాలును బల్ల మీద పరిచి చెంచాతో నాలుగు చుక్కల నీళ్లు వేసి చూశాను. సాఫ్ట్‌నర్ ఎన్నడూ తగలని పాత తువ్వాలులో చుక్క పడీ పడగానే ఇంకిపోయింది. దీని మీద మాత్రం తామరాకు మీది బొట్టులా కాసేపు నిలిచింది. సాఫ్ట్‌నర్‌లోని ధనావేశ పదార్థం పోగులకు కొవ్వులాంటి పలుచని పొరగా అంటుకుంటుంది. మెత్తదనాన్ని ఇచ్చేదీ, నీటిని అడ్డుకునేదీ ఆ పొరే.

దాన్ని వదిలించడానికి మొదట డిటర్జెంటు కూడా వేయకుండా, 60 డిగ్రీల వేడి నీటిలో తువ్వాళ్లను తిప్పాను. గాజు తలుపు వెనక నురగ లేచింది. అంటే అంతకాలం డిటర్జెంటు సైతం మోతాదు మించే వేశానన్నమాట. ఆ తర్వాత సగం మోతాదుతో, సాఫ్ట్‌నర్ లేకుండా మరి మూడుసార్లు ఉతికాక చుక్క ఇంకడం మొదలైంది.

పరుగుకు వేసుకునే పాలిస్టర్, స్పాండెక్స్ దుస్తుల సంగతి ఇంకా మోసపూరితమైనది. అలమరలోంచి తీసినప్పుడు సువాసనే వచ్చేది. ఒళ్లు వేడెక్కి చెమట పట్టగానే పాత వాసన తిరిగి లేచేది. పాలిస్టర్ సహజంగానే ఒంటి జిడ్డును పట్టి ఉంచుతుంది, దానిపై సాఫ్ట్‌నర్ పొర చేరితే జిడ్డు వదలడం మరింత కష్టమవుతుంది, పైగా చెమటను బయటికి లాగి ఆరబెట్టే గుణమూ తగ్గుతుంది. ఇప్పుడు వాటిని తిరగేసి, ఎంజైములున్న ఈ డిటర్జెంటులోనే అరగంట నానబెట్టి, 30 డిగ్రీల దగ్గర ఉతుకుతున్నాను. ఎక్కువ వేడి స్పాండెక్స్ సాగుడును చెడగొడుతుంది కనుక నీడలోనే ఆరేస్తాను.

ఉన్నికీ పట్టుకూ మాత్రం ఈ డిటర్జెంటు పనికిరాదు, ఎందుకంటే రెండూ ప్రోటీన్ పోగులు, దీనిలోని ప్రోటియేజు అనే, ప్రోటీన్‌ను విడగొట్టే ఎంజైము వాటినే కొరుకుతుంది. వాటికి ఎంజైములు లేని వేరే ద్రవం కొన్నాను.

సాఫ్ట్‌నర్ సీసాను పారేయలేదు. దుప్పట్లకూ చొక్కాలకూ అరమూత పోస్తున్నాను. తువ్వాళ్లు ఆరాక మునుపటి కంటే కాస్త గరుకుగానే ఉంటున్నాయి, గట్టిగా రెండుసార్లు దులిపి ఆరేస్తే ఆ గరుకు కొంత తగ్గుతోంది.