జీమెయిల్ యాప్‌లో షెడ్యూల్ మెయిల్, ఆటో రిప్లై: పర్లాకిమిడి నుంచి ఏళ్ల తరబడి వాడాక

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. ఇక్కడ చిన్న వ్యాపారులకు లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. పార్టీలు సగం ఒడిశాలో, సగం అవతల పాతపట్నం, టెక్కలి వైపు. లాప్‌టాప్ ఆఫీసులోనే ఉంటుంది, మెయిల్ పనంతా ఫోన్‌లోనే. అందుకే ఈ రెండు ఆప్షన్లు నాకు సరదా కోసం కాదు, రోజూ వాడేవే. నేను వాడేది ఆండ్రాయిడ్‌లో జీమెయిల్, రాసేదంతా దాని గురించే.

ముందు షెడ్యూల్ సంగతి. ఇది 2019లో వచ్చింది. మెయిల్ రాశాక పంపే బాణం గుర్తు నొక్కకుండా, పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే Schedule send అని కనిపిస్తుంది. రేపు ఉదయం 8 గంటలకు, రేపు మధ్యాహ్నం 1 గంటకు అంటూ అదే రెండు మూడు టైములు చూపిస్తుంది గానీ నేను వాటి జోలికి పోను, కింద Pick date & time నొక్కి నాకు కావలసింది పెట్టుకుంటాను. ఎందుకంటే మా వైపు మిల్లుల్లో, షాపుల్లో గుమాస్తా వచ్చి కూర్చునేసరికి పది అవుతుంది. ఎనిమిదింటికి వెళ్లిన మెయిల్ ఆ రెండు గంటల్లో వచ్చిన ఆఫర్ల మెయిళ్ల కిందికి పోతుంది, పదింటికి వెళ్లింది పైనే కనిపిస్తుంది.

నాకు తీరిక దొరికేది రాత్రి భోజనం అయ్యాకే. ఆ టైములో మెయిల్ పంపితే పెద్దవాళ్లు కంగారు పడతారు. ఒక మిల్లు యజమాని ఓసారి వెంటనే ఫోన్ చేసి, "ఏం బాబూ, ఇంత రాత్రి పెట్టావు, నోటీసేమైనా వచ్చిందా?" అన్నారు. సేల్స్ బిల్లులు పంపమని రాసిన మామూలు మెయిలే అది. ఇప్పుడు రాత్రే రాసుకుని పొద్దున పదింటికి పెడతాను. అవతలివాళ్లకు పదింటికి వచ్చిన మెయిల్‌గానే కనిపిస్తుంది, రాత్రి రాసిందని తెలియదు.

నెలనెలా వేసే అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1కి గడువు 11వ తేదీ. కాబట్టి బిల్లులు అడిగే మెయిల్ 5న పదింటికి ఒకటి, 8న గుర్తు చేస్తూ ఇంకొకటి, రెండూ నెల మొదట్లోనే రాసి పెట్టేస్తాను. ఇక్కడ బాగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 6న బిల్లులు పంపేసిన పార్టీకి కూడా 8వ తేదీ మెయిల్ వెళ్లిపోతుంది. అవతలి నుంచి జవాబు వచ్చిందా లేదా అన్నది యాప్ చూడదు, టైము అయితే పంపేస్తుంది. కష్టపడి బిల్లులన్నీ పంపిన మనిషికి "ఇంకా రాలేదండీ" అని వెళ్తే బాధగానే ఉంటుంది కదా. అందుకే బిల్లులు అందగానే నేను ముందు చేసే పని, ఎడమవైపు మెనూలో Scheduled తెరిచి ఆ పార్టీ మెయిల్ మీద Cancel send నొక్కడం. అలా నొక్కితే మెయిల్ చెరిగిపోదు, Drafts లోకి వెళ్తుంది. షెడ్యూల్ చేసినదాంట్లో ఒక అక్షరం మార్చాలన్నా ఇదే దారి: ఆపాలి, మార్చాలి, మళ్లీ టైము పెట్టాలి. మార్చాక టైము పెట్టకపోతే అది డ్రాఫ్ట్‌గానే ఉండిపోతుంది, ఎవరూ మనకు గుర్తు చేయరు.

ఫోన్ స్విచాఫ్‌లో ఉంటే మెయిల్ వెళ్తుందా అని చాలామంది అడుగుతారు. వెళ్తుంది. ఎందుకంటే పంపేది మన ఫోన్ కాదు, గూగుల్ సర్వర్. కాకపోతే షెడ్యూల్ చేసేటప్పుడు అది సర్వర్ దాకా చేరాలి కదా, దానికి నెట్ ఉండాలి. మేం మహేంద్రగిరి వైపు ఘాట్ ఎక్కితే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, అక్కడ కూర్చుని షెడ్యూల్ చేసి నిశ్చింతగా ఉండలేం. ఊళ్లో నెట్ బాగున్నప్పుడే పెట్టుకోవాలి. నమ్మకం కావాలంటే అదే అకౌంట్‌ని కంప్యూటర్‌లోనో ఇంట్లో ఇంకో ఫోన్‌లోనో తెరిచి Scheduled చూడండి, అక్కడ కూడా కనిపిస్తే సర్వర్‌కి చేరినట్టే. టైము విషయంలో నిమిషం తేడా లేకుండా వెళ్తుందని మాత్రం అనుకోకండి, కొన్ని నిమిషాలు ఆలస్యం కావచ్చు.

ఇక ఆటో రిప్లై. సరిహద్దులో ఉన్నవాళ్లకు దీని విలువ వేరు. జూన్ మధ్యలో ఒడియావాళ్ల రజ పండగకు మా దగ్గర మూడు రోజులు అన్నీ మూత, అవతల ఆంధ్రా వైపు మామూలు పనిదినాలు. వాళ్లకు మా సెలవు సంగతి తెలియదు, మెయిల్ పెట్టి ఎదురుచూస్తారు. పైగా 20న జీఎస్టీఆర్-3బీ, అంటే మేం త్రీబీ అనే నెలవారీ రిటర్ను గడువు ఉంటుంది కాబట్టి టెన్షన్ కూడా. మెనూలో Settings తెరిచి, మన అకౌంట్ నొక్కి, Vacation responder ఆన్ చేసి, First day 14, Last day 16 పెడితే 14న అర్ధరాత్రి పన్నెండు దాటగానే మొదలై 16 రాత్రి 11:59కి అదే ఆగిపోతుంది. రెండు అకౌంట్లు ఉన్నవాళ్లు దేనికది వేరుగా పెట్టుకోవాలి. నేను రాసేది ఇలా ఉంటుంది:

"నమస్కారం. రజ పండగ సందర్భంగా 14 నుంచి 16 వరకు ఆఫీసుకు సెలవు. మీ మెయిల్ అందింది, 17న చూస్తాను. త్రీబీ గడువు 20, బిల్లులు ఈలోగా పంపి ఉంచండి."

కింద ఇదే విషయం రెండు ముక్కల్లో ఇంగ్లీషులో కూడా రాస్తాను, బ్రహ్మపురం సప్లయర్లకూ ఇదే జవాబు వెళ్తుంది కాబట్టి. తెలుగువాళ్లకొకటి, ఒడియావాళ్లకొకటి అని విడివిడిగా పెట్టే వీలు లేదు.

ఒకే మనిషి 14న ఒకటి, 15న ఒకటి మెయిల్ పెడితే జవాబు మొదటిదానికే వెళ్తుంది. మళ్లీ వెళ్లాలంటే నాలుగు రోజులు గడిచి, అప్పటికీ ఇది ఆన్‌లో ఉండి, ఆయన ఇంకో మెయిల్ పెట్టాలి. ఈ పద్ధతి నాకు నచ్చింది, లేకపోతే రోజుకు పది మెయిళ్లు పెట్టే పార్టీకి పది జవాబులు వెళ్లేవి. అయితే మధ్యలో మెసేజ్‌లో మాట మార్చారంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది, ఇదివరకు అందుకున్నవాళ్లకు కూడా వాళ్లు తర్వాత మెయిల్ పెట్టినప్పుడు కొత్తది వెళ్తుంది. సెలవు ఒకరోజు పెరిగినప్పుడు నేను దీన్నే వాడుకుంటాను. స్పామ్‌లోకి పోయిన మెయిళ్లకు జవాబు వెళ్లదు, కాబట్టి తిరిగొచ్చాక ఆ ఫోల్డర్ ఒకసారి చూడాలి.

Send only to my contacts అనే టిక్ చూడటానికి మంచిదనిపిస్తుంది, ముక్కూ మొహం తెలియనివాళ్లకు మనం ఊళ్లో లేమని చెప్పడం దేనికి అని. కానీ ఇక్కడ కాంటాక్టు అంటే గూగుల్ కాంటాక్ట్స్‌లో మెయిల్ ఐడీతో సహా ఉన్న మనిషి. మన పార్టీలందరినీ మనం ఫోన్ నంబర్‌తోనే సేవ్ చేసుకుంటాం కదా! అలా ఉన్నవాళ్లకు జవాబు వెళ్లదు. ఈ టిక్ పెట్టాలంటే ముందు కూర్చుని మెయిల్ ఐడీలు ఎక్కించుకోవాలి. నేను టిక్ పెట్టను, బదులుగా మెసేజ్‌లో ఏ ఊరు వెళ్తున్నామో, ఇంట్లో ఎవరున్నారో రాయను.

నాకున్న పెద్ద అసంతృప్తి ఒక్కటే. ప్రతి నెలా 5న తనంతట తానే వెళ్లేలా ఒకేసారి పెట్టుకునే వీలు యాప్‌లో లేదు. మొత్తం కలిపి 100 మెయిళ్ల దాకా షెడ్యూల్ చేసుకోవచ్చు కాబట్టి నా పార్టీలకు సరిపోతోంది గానీ, నెల మొదట్లో Sent లో పాత మెయిల్ తెరిచి, కాపీ చేసి, నెల పేరు మార్చి, ఒక్కొక్కరికీ టైము పెట్టుకుంటూ రావడం చేత్తోనే చేయాలి. ఇరవై ముప్ఫై పార్టీల వరకు ఇది నడుస్తుంది. అంతకు మించితే కంప్యూటర్ ముందు కూర్చోవడమే మేలు.