అమికాసిన్ ఇంజెక్షన్లు కొంటున్నారా? చెవి సంగతి డాక్టర్ని అడిగారా?

మెడికల్ షాపులో అమికాసిన్ అనే యాంటీబయాటిక్ కొని ఇంట్లో నర్సుతో చేయించుకుంటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి.

మా అమ్మకి 66 ఏళ్లు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే, కల్చర్ రిపోర్టు చూసి రోజుకి 750 మిల్లీగ్రాముల చొప్పున ఏడు రోజులు రాశారు. జ్వరం పూర్తిగా తగ్గలేదని ఫోన్ చేస్తే ఇంకో పది రోజులు చేయించమన్నారు. పాత చీటీ చూపిస్తే షాపులో ఇచ్చేశారు. కాళ్ల వాపుకి లాసిక్స్ మాత్ర వేసుకుంటోందని నేను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

పదమూడో రోజు అమ్మ థర్మామీటర్ చంకలో పెట్టుకుని "ఇది పాడైందిరా, కూయట్లేదు" అంది. పక్క గదిలో ఉన్న నాకు ఆ బీప్ వినిపిస్తూనే ఉంది. చెవిలో గుయ్యిమంటోందని రెండు రోజుల ముందే చెప్పింది. నీరసం అనుకున్నాను. అదే నా తప్పు.

ఈ ఇంజెక్షన్ లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలను చంపుతుంది. సన్నటి, కీచు శబ్దాలను పట్టే కణాలు ముందు పోతాయి. అందుకే మాట వినిపిస్తూనే ఉంటుంది గానీ స, ష లాంటి అక్షరాలు జారిపోతాయి. ఇంట్లోవాళ్లు పరధ్యానం అనుకుంటారు. పోయిన కణాలు మళ్లీ పుట్టవు. మందు బయటికి పోయేది కిడ్నీల ద్వారానే కాబట్టి కిడ్నీ మందగిస్తే ఒంట్లో పేరుకుంటుంది. లాసిక్స్ తోడైతే చెవికి ముప్పు ఇంకా పెరుగుతుంది. కిడ్నీ మందగిస్తే రక్తంలో పెరిగే క్రియాటినిన్ అమ్మకి మొదట్లో 1.1 ఉండేది, మళ్లీ చూసేసరికి 1.7.

వినికిడి పరీక్షలో గీసే ఆడియోగ్రామ్‌లో 2000 హెర్ట్జ్ దాకా బాగానే ఉంది, కీచు శబ్దాలుండే 4000 దగ్గర గీత కిందికి పడిపోయింది. ఇందులో వయసు వల్ల ఎంత, మందు వల్ల ఎంత అని ఈఎన్‌టీ డాక్టర్ తేల్చలేకపోయారు. మందుకి ముందు తీసిన ఆడియోగ్రామ్ మా దగ్గర లేదు మరి.

అందుకే కోర్సు మొదలుపెట్టేముందే అడగండి: చెవికి ఇంత ముప్పు లేని మందు ఏదైనా కుదురుతుందా? వినికిడి పరీక్ష ఇప్పుడొకటి, మధ్యలో ఒకటి రాస్తారా? క్రియాటినిన్ ఎన్నాళ్లకోసారి చూడాలి? వేసుకుంటున్న మాత్రలన్నీ ముందుపెట్టి చూపించండి. అమ్మ తరఫు బంధువుల్లో ఇలాంటి ఇంజెక్షన్ తర్వాత చెవుడు వచ్చినవాళ్లుంటే తప్పకుండా చెప్పండి. తల్లి నుంచి వచ్చే ఒక జన్యులోపం ఉంటే కొద్ది డోసులకే వినికిడి పోవచ్చు.

భయపడి మీ అంతట మీరు ఇంజెక్షన్ మానేయకండి, ఇన్ఫెక్షన్ ముదిరితే ప్రాణానికే ముప్పు. చెవిలో మోత, తల తూలడం కనిపిస్తే తర్వాతి డోసుకి ముందే డాక్టర్‌కి చెప్పండి. కోర్సు అయ్యాక కూడా ఇంకోసారి పరీక్ష చేయించండి, ఎందుకంటే మందు లోపలి చెవిలో వారాల తరబడి నిలిచి ఉంటుంది. అమ్మకి ఇంజెక్షన్లు ఆపిన నెలకి తీసిన ఆడియోగ్రామ్‌లో గీత ఇంకొంచెం దిగింది.