ఎర్రబారిన పెళ్లి ఫొటో, గింప్: ఏళ్ల వాడకం తరువాత ఒక సమీక్ష

పాత ఫొటోలను బాగుచేయడానికి చాలా ఏళ్లుగా నేను గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌నే వాడుతున్నాను. అది ఏ పని చక్కగా చేస్తుందో, ఎక్కడ మొరాయిస్తుందో చెప్పడానికి మా పిన్ని పెళ్లి ఫొటో ఒక్కటి చాలు. 1980ల తొలినాళ్ల కలర్ ప్రింటు అది. 5 అంగుళాల పొడవు, 3.5 అంగుళాల వెడల్పు ఉంటుంది. మొత్తం ఎర్రబారిపోయింది, పైగా పెళ్లికూతురి చెంప మీదుగా చీర జరీ అంచు దాకా పొడవాటి గీత ఒకటి పడింది.

స్కానింగ్‌లో పొదుపు చేస్తే తరువాత ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోలేదు. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, ఒక్కో రంగుకు 16 బిట్ల చొప్పున, టిఫ్ ఫైలుగా స్కాన్ చేసుకోవాలి. వెలిసిన ఫొటోలో నలుపు నుంచి తెలుపు వరకు ఉండవలసిన ఛాయలన్నీ ఒక ఇరుకు పట్టీలోకి కుదించుకుపోయి ఉంటాయి. వాటిని మళ్లీ సాగదీసినప్పుడు 8 బిట్ల ఫైలైతే మధ్యలో ఖాళీలు పడి, వెనుక ఉన్న సాదా గోడ మీద చారలు తేలుతాయి. 2018లో వచ్చిన 2.10 వెర్షన్ నుంచి గింప్‌లో 16 బిట్ల ఫైళ్లను నేరుగా సవరించవచ్చు. నేను దీన్నే నమ్ముకోవడానికి అసలు కారణం అదే.

గీతల కన్నా ముందు రంగు సంగతి చూడాలన్నది నా పద్ధతి, ఎందుకంటే కాంట్రాస్టు పెంచాక అంతవరకు కనపడని గీరలు కూడా బయటపడతాయి. ఆ కాలపు ప్రింట్లలోని మూడు రంగు పదార్థాలలో సయాన్, అంటే నీలి ఆకుపచ్చ రంగుది, తరచుగా మిగతా రెండింటికన్నా ముందు వెలిసిపోతుంది. ఎరుపు కాంతిని పీల్చుకునేది అదే కనుక, అది పోయిన చోట నల్లగా ఉండవలసిన జుట్టు కూడా ఎర్రగా కనిపిస్తుంది. మా ఫొటోలో జడ దగ్గర కొలిస్తే 255కు గాను ఎరుపు 90 దాకా ఉంది, ఆకుపచ్చ, నీలం మాత్రం 45 దరిదాపుల్లో ఉన్నాయి. అందుకే నలుపు, తెలుపు హద్దులను సరిచేసే లెవెల్స్ తెరిచి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చానళ్లను ఒకేసారి కాక విడివిడిగా సరిచేశాను: ఎరుపులో నలుపు బిందువును, అంటే నలుపుగా లెక్కించే హద్దును, 80 వరకు, మిగతా రెండింటిలో 35 వరకు జరిపాను. జడ నల్లబడింది, మామిడాకుల తోరణానికి పచ్చదనం వచ్చింది. తెలుపుకు పట్టు పంచెను ఆధారంగా తీసుకోకూడదు. దాని సహజమైన మీగడ రంగు కాస్తా నీలంగా మారుతుంది. వెనుక నిలబడ్డ పెద్దాయన నూలు చొక్కా అందుకు పనికివచ్చింది.

ఇక్కడ ఆటో బటన్ జోలికి పోకపోవడమే మేలు. ప్రింటు చుట్టూ ఉన్న తెల్లటి అంచును, గీతలలో బయటపడిన కాగితాన్ని కూడా అది ఫొటోలోని తెలుపుగానే లెక్కగడుతుంది.

తరువాత లేయరుకు, అంటే ఫొటో ఉన్న పొరకు, నకలు తీసి గీతల పని మొదలుపెట్టాను. చెంప మీద, గోడ మీద హీల్ టూల్ పనితనం నిజంగా మెచ్చుకోదగినది: దగ్గరలోని చర్మం నుంచి నేతను తెచ్చి, వెలుగునీడలను అక్కడి వాటికే సర్దుతుంది. బ్రష్ గీత కన్నా కొద్దిగా మాత్రమే వెడల్పుగా ఉండాలి, నమూనాను తరచూ మార్చుతుండాలి. లేకపోతే ఒకే మచ్చ వరుసగా పునరావృతమై అతుకు తెలిసిపోతుంది. కానీ గీత జరీ అంచును దాటే చోట ఇదే టూల్ పాడుచేస్తుంది, ముదురు చీర రంగు బంగారు అంచులోకి మురికిలా పాకుతుంది. అక్కడ ఉన్నదాన్ని ఉన్నట్టే నకలు చేసే క్లోన్ టూల్ తీసుకుని, అదే అంచులో కొంచెం పైన ఉన్న బుటాను నమూనాగా పెట్టుకుని, గళ్లు కలిసేలా అతికించాలి. ఓపిక కావలసింది ఇక్కడే. గీరలన్నీ ఒక్క దెబ్బతో పోతాయని డీస్పెకిల్ ఫిల్టరును మొత్తం ఫొటోకు వేస్తే, ముక్కుపుడక రాయి మీది మెరుపును కూడా దుమ్ముగా భావించి తుడిచేస్తుంది.

ఎరుపు చానల్‌ను అంతగా సాగదీసినందుకు జుట్టులో రంగురంగుల నలుసులు తేలాయి. లేయరుకు మరో నకలు తీసి, దాన్ని మసకబార్చే గాసియన్ బ్లర్ 4 పిక్సెళ్లు వేసి, లేయర్ మోడ్‌ను దాని రంగును మాత్రమే కింది పొరకు అద్దే LCh Color గా మార్చితే నలుసుల రంగు పోతుంది, వెంట్రుకల గీతలు మాత్రం చెదరవు. కుంకుమ బొట్టు వంటి చిన్న వస్తువుల రంగు చుట్టుపక్కలకు పాకితే అక్కడ మాస్కుతో ఆ లేయరును దాచాలి.

2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌తో ఒక పాత ఇబ్బంది తీరింది: లెవెల్స్ వంటి సవరణలను ఇప్పుడు తరువాతైనా తెరిచి మార్చుకోవచ్చు. కొత్తవారికి మెనూలు తికమకగా ఉంటాయన్న మాట మాత్రం ఇప్పటికీ నిజమే. ఇక ఫొటోలోనే చెరిగిపోయినదాన్ని ఏ టూలూ తిరిగి తేలేదు. గీత కంటిపాప మీదుగా పోయి ఉంటే నేను ఆ కన్నును ఊహించి గీయక, గీతను కాస్త మరుగుపరచి వదిలేసేవాణ్ణి. ముద్రణ విషయంలోనూ హద్దు తెలిసినదే: 600 డీపీఐ స్కాన్‌తో ఈ ప్రింటును 300 డీపీఐ వద్ద 10 అంగుళాలు, 7 అంగుళాల పరిమాణం వరకు పెంచుకోవచ్చు, అంతకు మించి అడిగిన బంధువులకు నేను ఫైలు ఇవ్వడం లేదు.