ఫిక్స్‌డ్ వడ్డీయా, రెపోతో కదిలే వడ్డీయా?

మేనేజర్ల మాక్రో క్విజ్‌లో తరచూ తగిలే రకం లెక్క ఇది. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల కోల్డ్ స్టోరేజీకి కోటి రూపాయల అప్పు కావాలి: ఫిక్స్‌డ్ 10.5%, ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటైన రెపోతో ముడిపడిన ఫ్లోటింగ్ 9%. ఇవాళ ఫ్లోటింగే చవక కదా అని చాలామంది అక్కడే టిక్ పెట్టేస్తారు. కానీ 2022 మే నుంచి 2023 ఫిబ్రవరికల్లా ఆర్‌బీఐ రెపోను 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. అలాంటిదే మళ్లీ జరిగితే 9 కాస్తా 11.5 అవుతుంది, కోటి మీద ఏడాదికి రెండున్నర లక్షలు అదనం. ఫిక్స్‌డ్‌లో ఆ టెన్షన్ లేదు, రేట్లు తగ్గితే లాభమూ లేదు.

ద్రవ్యోల్బణం 6% కాబట్టి నిజమైన భారం 3 శాతమే అనే ఆప్షన్‌ను మాత్రం నమ్మకండి. రొయ్యల ఎగుమతి ధర పెరగకపోతే ఆ వ్యాపారికి భారం మొత్తం 9 శాతమే. అప్పు కాలంలో రెపో సగటున ఒకటిన్నర శాతం పైనే పెరుగుతుందనిపిస్తేనే నేనైతే ఫిక్స్‌డ్ వైపు వెళ్తాను.